జంతికలు వండిన నూనెను ఎన్నిసార్లు వాడొచ్చు?

"పండక్కి జంతికలు వండాక లీటరుకు పైగా సన్‌ఫ్లవర్ నూనె మిగిలింది. రంగు బాగానే ఉంది. ఇంకెన్నిసార్లు వాడొచ్చు? ఎప్పుడు పారబోయాలో ఎలా తెలుస్తుంది?"

రంగును నమ్మకండి. నేను మూడేళ్లు సాయంత్రం పూట మిరపకాయ బజ్జీల బండి నడిపాను. మొదట్లో రాత్రి మిగిలిన నూనెను గుడ్డలో వడకట్టి, మర్నాడు దానికే కొత్త నూనె కలిపేవాడిని. చూడ్డానికి తేటగానే ఉండేది. మూడో రోజు మాత్రం మొదటి వాయి వేయకముందే బాణలి మీద సన్నగా పొగ లేచింది. మంట రోజూ పెట్టేంతే.

కొత్త రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె సుమారు 225 డిగ్రీల దాకా పొగ రాదు. బజ్జీకి 180 చాలు. ఆ వేడికే పొగ వచ్చిందంటే నూనె విరిగిపోయినట్టే. పిండిలో, మిరపకాయలో ఉన్న తడి కాగే నూనెలో పడి దాన్ని విడగొడుతుంది. అలా విడివడిన కొవ్వు ఆమ్లాలు తక్కువ వేడికే పొగలవుతాయి. అడుగున మాడిన పిండి నలకలు ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి.

లీటరు కొత్త నూనె కలిపితే ఆ రోజుకు పొగ తగ్గింది, మర్నాడు మళ్లీ వచ్చింది. పాతది బాగుపడలేదు, కొత్తది కూడా పాడైంది. అప్పటి నుంచి చిన్న బాణలి పెట్టి, ఆ రోజుకు సరిపడా నూనే పోసుకున్నాను.

పొగ కంటే ముందు నురగ చెబుతుంది. మంచి నూనెలో పెద్ద బుడగలు వచ్చి, వాయి వేగేకొద్దీ తగ్గుతాయి. పాడైనదానిలో సన్నటి తెల్ల నురగ పైకి పొంగి, వాయి తీసేసినా అణగదు. నూనె చిక్కబడి, బాణలి అంచున సబ్బుకు వదలని పసుపు జిగురు పట్టినా, పాత రంగు డబ్బా మూత తీసినట్టు వాసన వచ్చినా ఇక ఉంచొద్దు.

గానుగ పల్లీ నూనెకు పొగ గుర్తు పనికిరాదు. అది కొత్తదైనా 160 దగ్గరే పొగ వస్తుంది. దానికి నురగ, జిగురు, వాసన చూడండి.

హోటళ్లకైతే 2018 జులై నుంచి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది: నూనె విరిగేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదు. దాన్ని కొలిచే మీటరు మన ఇళ్లలో ఉండదు కదా, కాబట్టి నేను ఇంట్లో ఒక్కసారి వేయించిన నూనెను మళ్లీ వేపుళ్లకు పెట్టను.

మీ నూనెలో పైన చెప్పిన గుర్తులేవీ లేకపోతే, చల్లారాక పలుచటి గుడ్డలో వడకట్టి, స్టీలు డబ్బాలో మూతపెట్టి చీకట్లో ఉంచండి. వారం లోపల తాలింపులకు, కూరలకు వాడేయండి. పాడైనదాన్ని సింకులో పోయకండి, పైపు జిడ్డు పట్టి మూసుకుపోతుంది. మూతున్న పాత సీసాలో పోసి చెత్తబండికి ఇవ్వండి.