మాయమయ్యే సందేశాలు నిజంగా మాయమవుతాయా?

"వాట్సాప్ చాట్‌లో Disappearing messages ఆన్ చేశాను. పంపినవన్నీ అవతలివారి ఫోను నుంచి కూడా పూర్తిగా పోతాయా?"

మీరు పెట్టిన గడువు దాటాక చాట్‌లోంచి పోతాయి, కానీ ఆలోగా తయారైన నకళ్లు పోవు. గడువు (24 గంటలు, 7 రోజులు లేదా 90 రోజులు) పనిచేసేది ఆ చాట్ వరకే; గ్యాలరీలో చేరిన ఫొటో, స్క్రీన్‌షాట్, వేరే చాట్‌కు ఫార్వర్డ్ చేసిన సందేశం దాని పరిధిలోకి రావు.

ఉదాహరణకు, సోమవారం ఉదయం 10కి 24 గంటల గడువుతో మీ గుర్తింపు కార్డు ఫొటో పంపారనుకుందాం. అవతలి ఫోనులో ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే అది గ్యాలరీలోనూ చేరవచ్చు. రాత్రి 2కి బ్యాకప్ జరిగితే అందులోకీ వెళ్తుంది. మంగళవారం ఉదయం 10కి చాట్‌లోంచి ఆ ఫొటో పోతుంది, గ్యాలరీలో కార్డు అలాగే ఉంటుంది. బ్యాకప్‌ను తిరిగి తెచ్చుకున్నప్పుడు గడువు దాటిన సందేశాలను వాట్సాప్ తీసేస్తుంది. గ్యాలరీ ఫొటోకు మాత్రం ఆ దారి లేదు. అసలు చిక్కు అక్కడే. అందుకే అలాంటి ఫొటో పంపాక, గ్యాలరీలోంచి కూడా తీసేయమని అవతలివారిని నేరుగా అడగండి.

ఆన్ చేయగానే పాత సందేశాలూ చెరిగిపోతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, ఆ తర్వాత పంపినవాటికే గడువు వర్తిస్తుంది. పాతవాటిని విడిగా తొలగించాల్సిందే.