గుంటూరు లాయర్‌గారితో డాలస్, మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్

ప్రశ్న: నాన్నగారి పొలం కేసు గుంటూరు కోర్టులో నడుస్తోంది. నేను డాలస్‌లో, చెల్లి మెల్‌బోర్న్‌లో ఉంటాం. లాయర్‌గారితో వీడియో కాల్ కోసం మెయిల్స్ రాస్తున్నా టైం కుదరడం లేదు. ఎలా రాయాలి?

జవాబు: "మీకు వీలైనప్పుడు చెప్పండి" అని రాస్తే జవాబు రావడం కష్టమండీ. పగలంతా ఆయన కోర్టులో ఉంటారు, మరుసటి రోజు ఏ కేసు పిలుస్తారో ముందు రోజు సాయంత్రానికి గానీ తేలదు. టైం మీరే ఎంచి, ఆయన "సరే" అంటే సరిపోయేలా రాయండి.

మీ ముగ్గురికీ కుదిరేది ఆదివారం ఉదయం 7:30, భారత కాలం. కోర్టు ఉండదు. 2026 అక్టోబరు 18 తీసుకుంటే, అప్పుడు మెల్‌బోర్న్‌లో అదే రోజు మధ్యాహ్నం 1:00, డాలస్‌లో మాత్రం 17వ తేదీ శనివారం రాత్రి 9:00. ఎక్కువగా తప్పేది ఇక్కడే, మీ శనివారం ఆయనకు ఆదివారం. అందుకే మెయిల్లో మీ టైం రాయకండి, భారత కాలం ఒక్కటే వారం, తేదీతో సహా రాయండి:

"విషయం: ఓ.ఎస్. నంబరు, సంవత్సరం, కోర్టు పేరు, నాన్నగారి పేరు – వీడియో కాల్.
అక్టోబరు 18 ఆదివారం ఉదయం 7:30 (భారత కాలం). కుదరకపోతే 25 ఆదివారం, అదే టైం. అరగంట చాలు. అడగాల్సినవి మూడు: వచ్చే వాయిదా దేనికి, మేం పంపాల్సిన కాగితాలేవి, సాక్ష్యానికి నాన్నగారు ఎప్పుడు రావాలి."

ఓ.ఎస్. అంటే ఒరిజినల్ సూట్, మీ సివిల్ దావా. ఆ కేసు నంబరు లేకపోతే ఫైలు తీయించడం ఆయనకు కష్టం. గుమాస్తాగారికి కూడా కాపీ పెట్టండి, లాయర్‌గారి డైరీలో రాసేది చాలాచోట్ల గుమాస్తాగారే.

కాల్ నవంబరుకు వాయిదా పడితే లెక్క మళ్ళీ వేసుకోవాలి. నవంబరు 1న అమెరికాలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఇండియాలో మారదు. నవంబరు 8 ఆదివారం ఉదయం 7:30 అంటే మీకు 7వ తేదీ రాత్రి 8:00, చెల్లికి మధ్యాహ్నం 1:00. గూగుల్ క్యాలెండర్‌లో ఆహ్వానం పెట్టేటప్పుడు టైం జోన్ India Standard Time - Kolkata ఎంచుకోండి, ఎవరి ఫోన్లో వాళ్ళ టైమే కనిపిస్తుంది.

ఇంకొకటి, వకాలత్ ఇచ్చింది నాన్నగారు. క్లయింటు స్పష్టంగా ఒప్పుకోకుండా ఆయన విషయాలు లాయరు బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 చెబుతోంది, కన్న పిల్లలైనా సరే. మెయిల్స్‌కు జవాబు రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, లాయర్‌గారికి మర్యాద తెలియక కాదు. "నా కేసు సంగతులు మా అబ్బాయితో, అమ్మాయితో మాట్లాడటం నాకు సమ్మతమే" అని నాన్నగారు సంతకం చేసిన కాగితం ముందే ఆఫీసులో ఇప్పించండి. కాల్ రోజున ఆయన్నే లాయర్‌గారి పక్కన కూర్చోబెడితే మరీ మంచిది. అప్పుడు ఆయనకు వేరే లింక్ పంపే పని కూడా ఉండదు.

లింక్ ముందు రోజు సాయంత్రం గుమాస్తాగారికి వాట్సాప్‌లో మళ్ళీ పంపండి. ఉచిత గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలకు ఆగిపోతుంది, కాబట్టి వాయిదా సంగతి మొదట అడిగేయండి.