ఎక్కువ నెలల్లో 700 కిలోలు పోతే సగటు 700 కాదు

ప్రశ్న: సార్, మాది పలాస. జీడిపప్పు షాపులో ఇరవై నెలలు పనిచేశాను. అక్కడ 10 నెలలు 700 కిలోల చొప్పున, 6 నెలలు 400, 4 నెలలు 1,000 కిలోల చొప్పున పోయింది. కిలో 800కి కొని 900కి అమ్ముతాం. నా ఇంటికి తీసుకునే 20 వేలతో కలిపి నెలకు ఖర్చు 60 వేలు. మామూలు నెలలో 10 వేలు మిగులుతుంది. నా దగ్గర 2 లక్షలున్నాయి, ఇంకో 3 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి సొంతంగా షాపు పెట్టొచ్చా?

జవాబు: ఆ అప్పు తేవద్దు. మామూలు నెలనే సగటు నెల అనుకోవడం చాలామంది చేసే పొరపాటే. కిలోకి 100 మిగిలితే 60 వేల ఖర్చు దాటడానికి 600 కిలోలు అమ్మాలి, అది మీ బ్రేక్ ఈవెన్. ఇప్పుడు మీరు చూసిన నెలలకే సంభావ్యత కట్టండి. 400 కిలోల నెల వందకు 30 సార్లు వస్తుంది, 20 వేలు నష్టం. 700 కిలోల నెల 50 సార్లు, 10 వేలు లాభం. 1,000 కిలోల నెల 20 సార్లు, 40 వేలు లాభం. ఒక్కోదాన్ని దాని వంతుతో గుణిస్తే మైనస్ 6 వేలు, 5 వేలు, 8 వేలు. మొత్తం కలిపితే నెలకు సగటున రావాల్సిన లాభం 7 వేలే. 3 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 9 వేలు. మామూలు నెల చూస్తే వెయ్యి మిగిలినట్టుంటుంది, సగటు చూస్తే 2 వేలు చేతి నుంచి పడుతుంది. అసలు తీర్చే మాట ఇంకా ఎత్తనే లేదు!

పైగా అవి పాత షాపు లెక్కలు, దాని ఖాతాదారులు మొదటి రోజునే మీ దగ్గరికి రారు. పెళ్లిళ్ల సీజన్‌లో ధర తగ్గించి అమ్మితే 1,000 కిలోల నెలలో కూడా కిలోకి 100 మిగలదు.

మీ జాబితాలో లేని నెల ఇంకొకటుంది, అమ్మకమే లేని నెల. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఊరి మీదుగానే పోయింది కదా. మామూలు నెలల వంతులోంచి ఐదు తీసి ఆ నెలకు ఇస్తే 7 వేల సగటు 3,500కు పడిపోతుంది. సగటు మాట అటుంచండి, ఆ నెల వచ్చినప్పుడు 60 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? వెంటనే రెండు 400 కిలోల నెలలు వస్తే ఇంకో 40 వేలు.

అందుకే మీ 2 లక్షల్లో లక్ష విడిగా బ్యాంకులో వేసి, షాపు కోసం ముట్టుకోకండి. ఈ అత్యవసర నిధి లేకుండా షటరు ఎత్తొద్దని గట్టిగా చెబుతున్నాను. మిగిలిన లక్షకు 125 కిలోలు వస్తాయి. ఫ్యాక్టరీలు పక్కనే ఉన్న ఊళ్లో నెల సరుకంతా ఒకేసారి కొనడమెందుకు? అమ్మిన డబ్బుతో ఐదారు రోజులకోసారి తెచ్చుకోండి. బంగారం మీద తెచ్చినా వడ్డీ తగ్గుతుందే తప్ప నష్టం నెల తగ్గదు. సరుకుకు బీమా చేయించండి. ఆరు నెలలు రోజువారీ కిలోలు రాసి, మీ సొంత అంకెలతో ఈ లెక్క మళ్లీ కట్టండి. సగటు 600 దాటకపోతే ముందు చూడాల్సింది అద్దె సంగతి.