టీమ్ లీడ్ పిలుపు రావాలంటే ప్రొఫైల్‌లో ఏముండాలి?

ప్రశ్న: మాది అనంతపురం. బీకాం చేసి మూడేళ్లుగా బెంగళూరులో, ఒక ఆన్‌లైన్ షాపింగ్ సంస్థ కాల్స్ చూసే కస్టమర్ సపోర్టు కేంద్రంలో పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లను నా పక్కనే కూర్చోబెడతారు. టీమ్ లీడ్ ఉద్యోగాలకు ప్రొఫైల్ పంపితే పిలుపు రావడం లేదు. మున్ముందు క్లయింట్లతో నేరుగా మాట్లాడే పని చేయాలని ఉంది. ప్రొఫైల్ జతచేశాను, ఏమి మార్చాలో చెప్పండి మేడమ్.

జవాబు: మీ ప్రొఫైల్ 'రోజుకు 60 కాల్స్ తీసుకుంటాను, కమ్యూనికేషన్ బాగుంటుంది' అని మొదలవుతుంది. ఏజెంట్ ఉద్యోగానికైతే అది సరిపోతుంది. టీమ్ లీడ్‌ను ఎంపిక చేసేవారు మాత్రం మీ వల్ల ఇంకొకరి పని ఎంత మెరుగుపడిందో వెతుకుతారు. ఆ సంగతి మీ ప్రొఫైల్‌లో చిట్టచివర, 'కొత్తవారికి సహాయం చేస్తాను' అన్న ఒక్క ముక్కలో ఉండిపోయింది. దాన్ని పైకి తెచ్చి, విప్పి రాయండి.

ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు నేను ఊహించినవి, మీవి మీ స్కోర్‌కార్డులో దొరుకుతాయి. నలుగురు కొత్తవారు మీ దగ్గర కూర్చున్నారు. మొదటి నెల వారి ఏహెచ్‌టీ, అంటే మాట్లాడిన సమయం, హోల్డ్, కాల్ తర్వాత వివరాలు నమోదు చేసే సమయం కలిపిన సగటు, 9 నిమిషాలు. రికార్డింగులు వింటే రీఫండ్ కాల్స్‌లోనే ఆలస్యమని తేలింది. ఏ చెల్లింపుకు డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుందో తెలియక కస్టమర్‌ను హోల్డ్‌లో పెట్టి మిమ్మల్ని అడుగుతున్నారు. మీరు ఆ నియమాలను ఒక పేజీలో రాసిచ్చారు. రెండో నెలకు సగటు ఆరున్నర నిమిషాలకు దిగింది. ప్రొఫైల్‌లో ఇది రెండు వాక్యాలు: సమస్య ఎక్కడుందో ఎలా కనిపెట్టారు, ఏమి చేశాక ఎంత మారింది. ఇంగ్లీషులో మీ సొంత మాటల్లో రాసుకోండి.

ఇంటర్వ్యూలో అనుభవమున్న మేనేజర్ ఇక్కడ రెండు ప్రశ్నలు తప్పక వేస్తారు. మొదటిది: కొత్తవారు రెండో నెలలో ఎలాగూ వేగం పుంజుకుంటారు కదా, మీ గొప్పేమిటి? అందుకే మీ నలుగురిని అదే బ్యాచ్‌లో వేరొకరి దగ్గర నేర్చుకున్నవారితో పోల్చండి. వాళ్లు ఏడున్నర దగ్గరే ఉంటే, మీ వంతుగా చెప్పుకోదగినది ఆ ఒక్క నిమిషమే. రెండోది: సమయం తగ్గించడానికి కాల్స్ తొందరగా తెంచేశారా? అదే జరిగితే అదే కస్టమర్లు మళ్లీ ఫోన్ చేస్తారు. కాబట్టి మళ్లీ వచ్చిన కాల్స్ శాతాన్నీ, క్వాలిటీ మార్కులనూ పక్కనే చూపండి. సీశాట్, అంటే కస్టమర్ తృప్తి శాతం, ఒక్క నెలది రాయవద్దు. నెలకు పది సర్వేలే వస్తే ఒక్క కోపిష్టి కస్టమర్ వల్ల పది శాతం పడిపోతుంది. మూడు నెలలది కలిపి, ఎన్ని సర్వేలో కూడా చెప్పండి.

ఇక క్లయింట్ పని. వారంవారం జరిగే సమీక్షలో క్లయింట్ అడిగేది ప్రధానంగా ఒకటే: అంకె పడిపోయింది, తప్పు మీ మనుషులదా, మా వ్యవస్థదా? ఆ వారం కాల్స్‌ను కారణాల వారీగా విడదీసి, పెరిగినవన్నీ డెలివరీ ఆలస్యాలవే అని చూపగలిగినవారికే అక్కడ విలువ. ఇది అభ్యాసంతో వస్తుంది. ఏమి మారింది, ఎందుకు, ఏమి చేస్తున్నాం, ఎప్పటికి సర్దుకుంటుంది అంటూ అరపేజీ నోటు ప్రతి వారం రాసి మీ టీమ్ లీడ్‌కు చూపండి. క్యాలిబ్రేషన్‌లో కూర్చోనివ్వమని కూడా అడగండి. అక్కడ క్లయింట్ మనుషులు, మీ క్వాలిటీ విభాగం ఒకే కాల్ విని విడివిడిగా మార్కులు వేసి, తేడా ఎందుకొచ్చిందో చర్చిస్తారు. క్లయింట్ ఎదుట నోరు విప్పడానికి ఏజెంట్‌కు దొరికే మొదటి అవకాశం చాలాసార్లు అదే.

భాషల దగ్గర మీరు 'తెలుగు, ఇంగ్లీషు' అని వదిలేశారు. అనంతపురం వైపు చాలామందిలాగే మీకూ కన్నడం వస్తే తప్పక చేర్చండి. తెలుగు, కన్నడ కాల్స్ రెండూ వినగలిగిన టీమ్ లీడ్ బెంగళూరు కేంద్రాలకు అవసరం. మాట్లాడగలిగినవీ, రాయగలిగినవీ వేరుగా చూపండి. క్లయింట్‌తో వ్యవహారం చాలావరకు మెయిల్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇంగ్లీషు రాత గురించి నిజమే రాయండి.

సిస్టమ్ తెరల ఫొటోలు, కస్టమర్ వివరాలు ఎక్కడా జతచేయవద్దు. ఒప్పందం ఒప్పుకోకపోతే క్లయింట్ పేరు బదులు 'ఆన్‌లైన్ షాపింగ్ సంస్థ' అని రాస్తే చాలు.

చివరిగా, బయట దరఖాస్తు చేయడం కొన్నాళ్లు ఆపమంటాను. టీమ్ లీడ్‌గా ఎన్నడూ చేయనివారిని బయటి సంస్థ నేరుగా ఆ కుర్చీలో కూర్చోబెట్టడం అరుదు. మీ సంస్థలోనే ఐజేపీ, అంటే ఉన్న ఉద్యోగులకు ముందుగా ప్రకటించే ఖాళీలు, వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి. కనీస సర్వీసు, హాజరు, వార్నింగ్ లెటర్ లేకపోవడం వంటి నిబంధనలను హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ముందు ఎస్‌ఎంఈ, అంటే పని లోతుగా తెలిసి తోటి ఏజెంట్ల సందేహాలు తీర్చేవారి హోదా, ఇస్తామన్నా తీసుకోండి. మీరు ఇప్పటికే చేస్తున్న పనికి అది కాగితం మీద పేరు.