ఎర్ర గుర్తుల గురించి మేడమ్‌కి రాసే ఉత్తరం

తమ్ముడూ,

నీ ఫ్రెంచ్ వ్యాసమూ, మేడమ్‌కి ఇద్దామని రాసుకున్న ఉత్తరమూ చదివాను. ఉత్తరం ఇప్పుడే ఇవ్వకు. దిద్దిన వాటి గురించి "మీరు దిద్దినవి అర్థం కాలేదు, దయచేసి వివరించండి" అని మాత్రమే రాశావు. వ్యాసంలో 14 గుర్తులున్నాయి. ఆవిడ దేన్ని వివరించాలి?

స్పెల్లింగులు, మర్చిపోయిన యాక్సెంట్లు నిఘంటువు తెరిస్తే తేలిపోతాయి. వాటిని పక్కన పెడితే నిజంగా అడగాల్సినవి రెండే కనిపించాయి నాకు.

మొదటిది, "నేను రాసిన ఉత్తరాలు" అనడానికి "లే లెత్ర్ క జె ఎక్రి" అన్నావు. ఆవిడ "ఎక్రి"ని "ఎక్రిత్" చేసి, పక్కన "అకోర్" అంటే పొందిక అని రాశారు. పై పేరాలో "జె ఎక్రి దే లెత్ర్" (నేను ఉత్తరాలు రాశాను) అన్నచోట మాత్రం ఏమీ దిద్దలేదు. ఒకే మాట ఒకచోట ఒప్పు, ఇంకోచోట తప్పు ఎలా అయింది? నీ టెన్షన్ అంతా ఇదే కదా. అయితే ఆ రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి రాసి, నీకు తోచిన కారణం కూడా రాయి. "లెత్ర్" స్త్రీలింగం, బహువచనం. రెండో వాక్యంలో అది క్రియ తర్వాత వచ్చింది, మొదటి దాంట్లో ముందే వచ్చేసింది. ముందు వచ్చిన కర్మను బట్టి ఆ రూపం మారుతుందా అని అడుగు. మారుతుంది, నీ ఊహ సరైనదే. మనం "రాసిన ఉత్తరం" అన్నా "రాసిన ఉత్తరాలు" అన్నా "రాసిన" మారదు, అందుకే నీకు తట్టలేదు. ఆ సంగతీ రాస్తే తప్పు ఎక్కడ పుట్టిందో ఆవిడకి తెలుస్తుంది.

రెండోది వాన వాక్యం. "నేను బయటికి వచ్చినప్పుడు" అని మొదలుపెట్టి "ఇల్ ఆ ప్ల్యు" అన్నావు. ఆవిడ దాన్ని "ఇల్ ప్లవే" చేసి, "తాఁ" అంటే కాలం అని రాశారు. నువ్వు రాసినదానికి నువ్వు వచ్చాక వాన పడిందనే అర్థం వస్తుంది. దిద్దినదానికి అప్పటికే పడుతోందని. నీ మనసులో ఏ వాన ఉందో ఆవిడకి తెలియదు, ఊహించి దిద్దారు. కాబట్టి ఇక్కడ నువ్వు చెప్పదలచుకున్నది ముందు చెప్పి, ఆ తర్వాతే అడుగు.

ఇంకొకటి. ఉత్తరంలో "ఎక్స్‌ప్లికే మ్వా" అన్నావు, అది "నాకు వివరించండి" అని ఆజ్ఞలా వినిపిస్తుంది. "పూరియే వూ మెక్స్‌ప్లికే" అను, "వివరించగలరా" అన్నట్టుంటుంది. సంబోధనకి "మదామ్" చాలు, పేరు అక్కర్లేదు. మార్కుల ప్రస్తావన పూర్తిగా తీసెయ్యి. అది ఉంటే మార్కులు పెంచమంటున్నావనుకుని చదువుతారు.

తిరగరాశాక నాకోసారి చూపించు.

ఆశీస్సులతో,
అన్నయ్య