క్యాచ్ పడుతుంటే వేలి కొస వాలిపోయింది.. ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. 9 రోజుల కిందట డ్యూస్ బాల్‌తో ఆడుతూ క్యాచ్ పట్టబోతే బంతి కుడిచేతి ఉంగరపు వేలి కొసకు బలంగా తగిలింది. అప్పటి నుంచి కొస కిందికి వాలిపోయి ఉంది. నా అంతట నేను ఎత్తలేకపోతున్నా, ఎడమ చేత్తో లేపితే మాత్రం లేస్తోంది. నొప్పి పెద్దగా లేదు. మెడికల్ షాపులో అల్యూమినియం స్ప్లింట్ కొని కట్టుకున్నా. స్నానానికి తీసినప్పుడల్లా నయమైందా లేదా అని వేలు ఆడించి చూసుకుంటున్నా. ఫ్రెండ్స్ ‘వేలు జామైంది, ఒకసారి లాగితే సెట్ అవుతుంది’ అంటున్నారు. రెండు వారాల్లో టోర్నమెంట్ ఉంది. ఆపరేషన్ అవసరమా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వేలు లాగనివ్వకండి. ఇది జామైన వేలు కాదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే వేలి కొసను పైకి ఎత్తే టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి పట్టీ, తెగి ఉండాలి, లేదా అది అతుక్కుని ఉండే చోట చిన్న ఎముక ముక్కతో సహా ఊడి వచ్చి ఉండాలి. దీన్ని మ్యాలెట్ ఫింగర్ అంటారు. ఇలాంటి వేళ్లలో చాలావాటికి ఆపరేషన్ అక్కర్లేదు, స్ప్లింట్‌తోనే నయమవుతాయి. కానీ మీరు వాడుతున్న పద్ధతిలో స్ప్లింట్ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటే. రోజూ తీసి ఆడించి చూస్తున్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకో చెబుతాను. వేలి పైభాగంలో, గోటికి కాస్త వెనక, చాలా పల్చటి టెండన్ ఒకటి చివరి ఎముకకు అతుక్కుని ఉంటుంది. కొసను పైకి ఎత్తేది అదొక్కటే. క్యాచ్ పట్టేటప్పుడు వేళ్లు చాచి ఉంటాయి, అంటే ఆ టెండన్ అప్పటికే బిగుసుకుని ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో 160 గ్రాముల గట్టి బంతి వచ్చి కొసను ఒక్కసారిగా కిందికి వంచేస్తే అది తట్టుకోలేక తెగుతుంది. కొసను కిందికి వంచే టెండన్ అరచేతి వైపు ఉంటుంది. అది దీనికంటే చాలా బలమైనది, దానికేమీ కాలేదు. ఎదురు లాగేది లేకపోయేసరికి అది కొసను కిందికి లాగి పెట్టేస్తోంది. ఎడమ చేత్తో లేపితే లేవడానికీ, వదిలితే పడిపోవడానికీ కారణం ఇదే. నొప్పి లేదని ధీమాగా ఉండకండి. టెండన్ మాత్రమే తెగిన వేళ్లలో చాలాసార్లు నొప్పి పెద్దగా ఉండదు, అందుకే చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

తెగిన కొసలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా ఉంటే శరీరమే వాటిని అతికిస్తుంది. ఆ అతుకు మొదటి వారాల్లో చాలా మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. ఇక్కడొక లెక్క గుర్తుంచుకోండి. ఈ టెండన్ ఒక్క మిల్లీమీటరు సాగి అతుక్కున్నా వేలి కొస దాదాపు 25 డిగ్రీలు వాలిపోతుంది. ఒక్క మిల్లీమీటరు! చెప్పుకు గమ్ రాసి, ఆరకముందే అంటుకుందా లేదా అని రోజూ లాగి చూస్తే ఏమవుతుందో మీ వేలికీ అదే అవుతోంది. అందుకే ఈ 9 రోజులను చికిత్స లెక్కలో వేసుకోలేం. సరైన స్ప్లింట్ పెట్టి, మళ్లీ కొస ఒక్కసారి కూడా వాలకుండా చూసుకున్న రోజే మీకు మొదటి రోజు. ఆలస్యమైపోయిందేమో అని టెన్షన్ పడకండి. రెండు మూడు నెలలు దాటాక వచ్చినవాళ్లకు కూడా స్ప్లింట్‌తో మెరుగైన సందర్భాలున్నాయి, మీకు ఇంకా రెండు వారాలు కూడా కాలేదు.

ముందుగా ఎక్స్‌రే తీయించండి. చెయ్యి మొత్తానికి కాదు, ఆ ఒక్క వేలికే, కచ్చితంగా పక్క నుంచి తీసింది కావాలి. చెయ్యి మొత్తం తీస్తే పక్క వేళ్లు అడ్డొచ్చి చిన్న ముక్క కనిపించకుండా పోతుంది. ఎముక ముక్క ఊడినంత మాత్రాన ఆపరేషన్ అని కాదు. చివరి కణుపు తన చోట తాను సరిగ్గా కూర్చుని ఉంటే ముక్క ఉన్నా స్ప్లింటే పెడతాం. ముక్క పెద్దదై, అంటే కీలు ఉపరితలంలో మూడో వంతు కంటే ఎక్కువ భాగం విరిగి, వేలి చివరి ఎముక అరచేతి వైపు జారిపోతే అప్పుడు సర్జన్ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఎక్కువగా సన్నటి వైర్లు వేసి సరిచేస్తారు. చర్మం కోసుకుపోయి లోపలి టెండన్ తెగినా ఆపరేషనే. మీ కొస చేత్తో లేపితే తేలిగ్గా లేస్తోందంటే అది మంచి సూచనే, అయినా ఎక్స్‌రే చూడకుండా ఏదీ ఖాయం చేయలేం.

ఇక స్ప్లింట్. అది చివరి కణుపును మాత్రమే పట్టి ఉంచాలి, మధ్య కణుపు పూర్తిగా వంగేలా ఉండాలి. చాలామంది షాపులో ఇచ్చిన పొడవాటి అల్యూమినియం పట్టీని వేలు మొదలు దాకా పెట్టి గుడ్డ చుట్టేస్తారు. దానివల్ల బాగున్న కణుపు కూడా బిగుసుకుపోతుంది, కొసేమో లోపల వదులుగానే ఉంటుంది. పల్లెల్లో కట్టే నాటు కట్టుతో కూడా ఇదే ఇబ్బంది. ఎవరు కట్టారన్నది కాదు, కొస నిటారుగా ఉందా లేదా అన్నదే చూడాలి. వేలిని పక్క నుంచి చూస్తే కొస తిన్నగా గానీ, ఇసుమంత పైకి గానీ ఉండాలి. మరీ పైకి వంచేసినా ప్రమాదమే. కణుపు మీద చర్మం తెల్లబడిందంటే అక్కడికి రక్తం అందడం లేదని అర్థం, అలాగే ఉంచితే చర్మం చచ్చుబడి పుండు పడుతుంది. తెల్లదనం పోయేదాకా కొంచెం కిందికి దించాలి. రెడీమేడ్ ప్లాస్టిక్ స్ప్లింట్లు సైజుల వారీగా దొరుకుతాయి. వాపు ఉన్నప్పుడు సరిపోయింది వారం తిరిగేసరికి వదులవుతుంది, అప్పుడు ఒక సైజు తగ్గించాలి. వీలైతే హ్యాండ్ థెరపిస్ట్ దగ్గర మీ వేలికి తగ్గట్టు తయారు చేయించుకోవడం అన్నిటికంటే మేలు.

స్ప్లింట్ అసలు తీయొద్దా అంటే, తీయాలి. తీయకపోతే లోపల చెమ్మ పట్టి చర్మం నాని పాడవుతుంది. రోజుకోసారి ఇలా చేయండి. బల్ల ముందు కూర్చుని అరచేతిని బోర్లా, వేళ్లు చాచి బల్ల మీద ఆనించండి. వేలి కొస బల్లకు ఆనే ఉండేలా చూసుకుంటూ స్ప్లింట్‌ను ముందుకు జార్చి తీయండి. అదే స్థితిలో తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఎర్రటి మచ్చలు గానీ పొక్కులు గానీ ఉన్నాయేమో చూసి మళ్లీ తొడగండి. ఇంట్లో ఎవరైనా కొసను కింద నుంచి పట్టుకుని ఉంటే ఇంకా సులువు. స్నానానికి పాలిథిన్ కవర్ కట్టుకోండి, లోపల తడిస్తే ఆరబెట్టి మార్చండి. పొరపాటున కొస ఒక్కసారి వంగిపోయినా లెక్క మళ్లీ మొదటి రోజు నుంచే మొదలవుతుంది. ‘ఒక్కసారికి ఏమవుతుందిలే’ అని ఆరో వారంలో వంచి చూసినవాళ్లకు వైద్యం రెట్టింపు కాలం పట్టడం నేను తరచూ చూస్తుంటాను.

టెండన్ మాత్రమే తెగితే రాత్రీ పగలూ 8 వారాలు, ఎముక ముక్క ఉంటే 6 వారాలు. తర్వాత డాక్టర్ సమక్షంలో స్ప్లింట్ తీసి చూడాలి. కొస దానంతటది నిలబడితే పగలు స్ప్లింట్ తీసేసి, మొదటి వారం కొద్దికొద్దిగా మాత్రమే వంచడం మొదలుపెట్టాలి. రెండో చేత్తో నొక్కి వంచొద్దు. రాత్రుళ్లు ఇంకో 4 వారాలు స్ప్లింట్ ఉండాల్సిందే. ఈ దశలో కొస మళ్లీ వాలడం మొదలైతే వెంటనే మళ్లీ పగలు కూడా పెట్టేయాలి, ఇంకో రెండు మూడు వారాలు. మొదట్లో వేలు పూర్తిగా వంగక బిగుతుగా అనిపిస్తుంది, అది మెల్లగా పోతుంది.

టోర్నమెంట్ సంగతి సూటిగా చెబుతాను: ఈసారికి వదిలేయండి. అప్పటికి మీరు రెండో వారంలో ఉంటారు. స్ప్లింట్ మీద టేప్ చుట్టి ఆడేవాళ్లు లేకపోలేదు, కానీ ఫీల్డింగ్‌లో అదే కొసకు మళ్లీ బంతి తగిలే అవకాశం ఎంతో మీకే తెలుసు. డ్యూస్ బాల్‌తో క్యాచింగ్ రెండున్నర నెలల తర్వాతే, అప్పుడు కూడా మొదటి కొన్ని వారాలు స్ప్లింట్ మీద టేప్‌తో.

అన్నీ సరిగ్గా చేసినా కొస ఐదారు డిగ్రీలు వాలి ఉండొచ్చు, గోటి వెనక చిన్న బుడిపె మిగలొచ్చు. దాంతో పనికేమీ ఇబ్బంది ఉండదు. పూర్తిగా వదిలేస్తే మాత్రం కొస వాలిపోయే ఉంటుంది, జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా తగులుకుంటుంది. కొందరిలో కాలం గడిచేకొద్దీ మధ్య కణుపు వెనక్కి వంగిపోయి వేలు వంకర తిరుగుతుంది. దాన్ని సరిచేయడం ఇప్పటి స్ప్లింట్ అంత తేలిక కాదు.

మీ టీమ్‌లో ఇంకెవరికైనా బంతి తగిలితే వాపు చూసి జామైందని తేల్చేయొద్దు. మధ్య భాగాన్ని పట్టుకుని కొస ఎత్తమనండి, తర్వాత వంచమనండి. ఎత్తలేకపోతే మీలాంటిదే. వంచలేకపోతే ఇంకా అర్జెంటు, అరచేతి వైపు టెండన్ తెగి ఉండొచ్చు, దానికి ఆపరేషన్ కావాలి, వారం పది రోజుల్లోపే చేయాలి. రెండూ చేయగలిగి, మధ్య కణుపు వాచి నొప్పి పెడుతూ, ఆ కణుపును కూడా పూర్తిగా చాచగలిగితే అది సాధారణంగా బెణుకే. పక్క వేలితో కలిపి టేప్ వేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. మధ్య కణుపు చాచలేకపోతే అక్కడి టెండన్ తెగి ఉండొచ్చు, దానికి వేరే స్ప్లింట్. పదేళ్ల పిల్లాడికి కొస వాలి, గోరు మొదట్లో రక్తం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లోపల ఎముక ఎదిగే చోట విరిగి ఇన్ఫెక్షన్ చేరే ప్రమాదం ఉంటుంది.

మీరు ఈ రెండు మూడు రోజుల్లోనే ఎక్స్‌రేతో ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. అప్పటిదాకా ఇప్పుడున్న స్ప్లింట్‌నే కత్తిరించి మధ్య కణుపు వదిలేసి, కొస తిన్నగా ఉండేలా పేపర్ టేప్‌తో కట్టుకోండి. స్నానానికి కూడా కొసను వాలనివ్వకండి. వేలి కొస నల్లబడినా, తిమ్మిరెక్కినా, స్ప్లింట్ కింద పుండు పడినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్లిపోండి.