మిట్ట మధ్యాహ్నం వీడియోకి ఏ ఎన్‌డీ ఫిల్టర్ కావాలి?

ఎండలో f/2.8 పెట్టి 25 ఫ్రేముల వీడియో తీస్తే తెల్లగా పేలిపోతోంది, షటర్ పెంచితే నడక కుదుపుగా వస్తోంది. ఏం చేయాలి?

ఎన్‌డీ 64 బిగించండి. షటర్ 1/50 దగ్గరే ఉంచండి, కదలిక సహజంగా కనిపించేది అక్కడే. మబ్బులేని ఎండలో ఐఎస్ఓ 100, 1/50కి సరిపోయే అపర్చర్ సుమారు f/22, అక్కడి నుంచి 16, 11, 8, 5.6, 4, 2.8 అని దిగితే ఆరు స్టాపులు, ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపవుతుంది కాబట్టి మొత్తం 64 రెట్లు, దాన్నే ఫిల్టర్ కోసేస్తుంది. f/2కి వెళ్తే ఎన్‌డీ 128. లాగ్ ప్రొఫైల్‌లో కనీస ఐఎస్ఓ 800 అయితే ఇంకో మూడు స్టాపులు కలపాలి.

తిప్పే రకం వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యమే గానీ, వైడ్ లెన్స్‌కి పెట్టి చివరిదాకా తిప్పితే ఆకాశంలో నల్లటి ఇంటూ గుర్తు తేలుతుంది. కనిపించగానే కాస్త వెనక్కి తిప్పండి. మరీ చవక ఫిల్టర్లతో ముఖాలు పచ్చగానో ఎర్రగానో మారతాయి, అందుకే వైట్ బ్యాలెన్స్ ఫిల్టర్ పెట్టాకే సెట్ చేయండి.